కిస్తీ తగ్గించమని బ్యాంకు మేనేజర్‌కు లెటర్ ఎట్లా రాయాలి? (నల్లగొండ, ఇటుకల యూనిట్)

బూడిద_ఇటుక · సెప్టెంబర్ 2

నల్లగొండ దగ్గర నాకు చిన్న ఫ్లైయాష్ ఇటుకల యూనిట్ ఉంది. 2023లో మిషన్ కోసం 12 లక్షల టర్మ్ లోన్ తీసుకున్నాను. 11 శాతం వడ్డీ, ఐదేళ్లు, నెలకు 26,091 కిస్తీ. ఈ జూన్ దాకా 26 కిస్తీలు ఒక్కటి తప్పకుండా కట్టాను.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక కాంట్రాక్టర్ 90,000 ఇటుకలు తీసుకుపోయాడు. బిల్లు 6.30 లక్షలు. ఇచ్చింది లక్షన్నర. మిగతా 4.80 లక్షలకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. చేతిలో పైసలు లేక సిమెంటు కొనలేకపోయాను, పని సగానికి పడిపోయింది. జూలై 10, ఆగస్టు 10 కిస్తీలు తప్పాయి. మేనేజర్ మంచిగానే మాట్లాడారు. "లెటర్ రాసివ్వండి, చూద్దాం" అన్నారు. నేను రాసింది ఇది:

"గౌరవనీయులైన మేనేజర్ గారికి, కాంట్రాక్టర్ మోసం చేయడం వల్ల పూర్తిగా నష్టపోయాను. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. దయచేసి ఒక సంవత్సరం కిస్తీలు ఆపి, వడ్డీ మాఫీ చేసి ఆదుకోగలరని వేడుకుంటున్నాను. కాంట్రాక్టర్ డబ్బులు రాగానే మొత్తం కట్టేస్తాను."

ఇది సరిపోతుందా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

పాలమూరు_పల్లీ

టెన్షన్ పడకు అన్నా. గడువు పెంచి కిస్తీ తగ్గించే రీస్ట్రక్చర్ అడిగితే ఇస్తారు, ఖాతా కూడా చెడిపోదు. కరోనా టైంలో మా తమ్ముడి షాపు లోన్ అట్లనే చేశారు, ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ కింద పడలేదు.

బత్తాయి_తోట

రుణమాఫీ కింద పెట్టుకోవచ్చు కదా? మాకు పోయినేడు రెండు లక్షల దాకా అయింది.

మిర్యాలగూడ_తౌడు

@బత్తాయి_తోట అది పంట రుణాలకు. ఆయనది మిషన్ లోన్.

మాజీ_ఫీల్డాఫీసర్

బ్యాంకులో ఇరవై ఏళ్లకు పైగా లోన్ల సీట్లోనే కూర్చున్నాను. మీ లెటర్ చదివిన మేనేజర్‌కు మీ మీద జాలి కలుగుతుంది, కానీ ఆయన దాన్ని ఎక్కడికీ పంపలేడు. ఏడాది ఆపమన్నారు, వడ్డీ మాఫీ అన్నారు, కాంట్రాక్టర్ ఇస్తే కడతానన్నారు. నెలకు ఎంత కట్టగలరో ఒక్క అంకె లేదు. పైనున్న అధికారి మొదట అడిగేది ఆ అంకెనే.

"పూర్తిగా నష్టపోయాను" అనే మాట తీసేయండి. పూర్తిగా పోయిన వ్యాపారానికి గడువు పెంచరు, రికవరీకి పంపుతారు. యూనిట్ నడుస్తోందా లేదా? నడుస్తుంటే అదే రాయాలి.

@పాలమూరు_పల్లీ మీరు చెప్పింది అప్పటికి నిజం. ఖాతా స్థాయి తగ్గించకుండా రీస్ట్రక్చర్ చేసే ఆ వెసులుబాటు 2021 సెప్టెంబర్ 30తో అయిపోయింది. ఇప్పుడు మామూలు రూలే. రీస్ట్రక్చర్ చేస్తే ఖాతా సబ్‌స్టాండర్డ్‌లోకి, అంటే ఎన్‌పీఏలో మొదటి మెట్టుకు దిగుతుంది. కొత్త షెడ్యూలు ప్రకారం ఏడాది తప్పకుండా కడితే మళ్లీ పైకి వస్తుంది. ఆ ఏడాది కొత్త లోన్ దొరకడం కష్టం. ఇది తెలిసే అడగాలి.

పాలమూరు_పల్లీ

అయితే అడగకపోవడమే మంచిది కదా సార్?

మాజీ_ఫీల్డాఫీసర్

కిస్తీ కట్టగలిగితే అడగొద్దు. కట్టలేకపోతే అడగకున్నా ఎన్‌పీఏ అవుతుంది. అప్పుడు కిస్తీ పెద్దదిగానే ఉంటుంది, నోటీసులూ వస్తాయి.

@బూడిద_ఇటుక, తేదీలు చూసుకోండి. మీ పాత బకాయి జూలై 10ది. ఈ నెల 8కి 60 రోజులు దాటి, ఎన్‌పీఏకు ముందు మెట్టైన ఎస్ఎంఏ-2లో పడుతుంది. అక్టోబర్ 8కి 90 రోజులు నిండి ఎన్‌పీఏ అవుతుంది. ఒకసారి పడ్డాక ఒక కిస్తీ కట్టి బయటికి రాలేరు, బకాయి మొత్తం తీర్చాలి. పడకముందైతే ఒక్క జూలై కిస్తీ కట్టినా లెక్క ఆగస్టు 10 నుంచి మొదలవుతుంది. కాబట్టి లెటర్ ఈ వారమే పోవాలి.

ఇప్పుడు నెలకు ఎన్ని ఇటుకలు అమ్ముతున్నారు? ఖర్చులన్నీ పోను ఎంత మిగులుతోంది? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గిరాకీ_లేని_షాపు

ఇంత తతంగం ఎందుకు? మూడు రూపాయల మిత్తికి తెచ్చి రెండు కిస్తీలు కట్టెయ్, ఖాతా క్లీన్.

మిర్యాలగూడ_తౌడు

@గిరాకీ_లేని_షాపు 52 వేలకు మూడు రూపాయలంటే నెలకు 1,560 మిత్తే పోతుంది, అసలు అట్లనే ఉంటుంది. వచ్చే నెల మళ్లీ 26 వేలు ఎక్కడి నుంచి తేవాలి? మా బజార్ల ఈ దారిలో పోయినవాళ్లను చూశాను, చివరికి మిషన్ అమ్ముకున్నారు.

బూడిద_ఇటుక

రాత్రి కూర్చుని లెక్క రాశాను సార్. మంచిగున్నప్పుడు నెలకు 60 వేల ఇటుకలు. ఇప్పుడు 30 వేలు, ఇవన్నీ ఇల్లు కట్టుకునేవాళ్లు నగదుకు కొనేవే. ఇటుక 7 రూపాయల లెక్కన 2,10,000 వస్తుంది. బూడిద, సిమెంటు, డస్ట్ కలిపి ఇటుకకు 4.20 పడుతుంది, అది 1,26,000. కూలి 33,000. కరెంటు 9,000, డీజిల్, రిపేర్లు 4,000, జాగా కిరాయి 5,000. ఇవన్నీ పోతే 33,000. ఇంటి ఖర్చుకు ఎంత తగ్గించినా 15,000 కావాలి. మిగిలేది 18,000.

నెలకు 50 వేల ఇటుకలని రాద్దామని మా అకౌంటెంట్ అంటున్నాడు. దసరా తర్వాత పని పెరుగుతుందని.

మాజీ_ఫీల్డాఫీసర్

30 వేలే రాయండి. మీ ఖాతాలో నెలకు రెండు లక్షలు జమ అవుతుంటే, కాగితం మీద మూడున్నర లక్షలని రాస్తే ఎవరు నమ్ముతారు? స్టేట్‌మెంట్ వాళ్ల దగ్గరే ఉంటుంది. అన్నట్టు, ఆ నగదు ఖాతాలో వేస్తున్నారా?

బూడిద_ఇటుక

సగం వేస్తాను, సగం నేరుగా సిమెంటు షాపుకు ఇస్తాను.

మాజీ_ఫీల్డాఫీసర్

రేపటి నుంచి మొత్తం ఖాతాలో వేసి, అక్కడి నుంచే ఇవ్వండి. బ్యాంకుకు కనిపించని అమ్మకం లేనట్టే.

మిర్యాలగూడ_తౌడు

ఈ అంకె దగ్గరే నేను దెబ్బ తిన్నాను, అందుకే వివరంగా చెబుతున్నా. నాది తౌడు వ్యాపారం. ఒక మిల్లు బంద్ పడి నా సరుకు ఆగిపోయింది. రీస్ట్రక్చర్ అడిగేటప్పుడు మేనేజర్ ముందు చిన్నబోవడం ఎందుకని నెలకు 22 వేలు కడతానని రాశాను. నిజంగా నాకు మిగిలేది 17 వేలు. ఆరు నెలలు అటు ఇటు సర్ది కట్టాను. ఏడో నెల మా నాన్న ఆపరేషన్ వచ్చింది, కిస్తీ తప్పింది. ఏడాది లెక్క అక్కడితో పోయింది. రెండోసారి అడగడానికి పోతే "మీరే కదా 22 అని రాసింది" అన్నారు. తప్పు నాదే. 14 వేలని రాసి ఉంటే ఈపాటికి ఖాతా స్టాండర్డ్‌లో ఉండేది.

వనపర్తి_గానుగ

@మిర్యాలగూడ_తౌడు అన్నా, నాన్న ఇప్పుడు ఎట్లున్నారు?

మిర్యాలగూడ_తౌడు

మంచిగున్నడమ్మా. పొద్దున్నే నాకంటే ముందు దుకాణం తెరుస్తున్నడు.

మాజీ_ఫీల్డాఫీసర్

తౌడు గారి మాట ఫ్రేము కట్టి పెట్టుకోండి. 18,000 మిగిలితే 18,000 కిస్తీ అడగకూడదు. కిస్తీకి వంద రూపాయలు అవసరమైతే చేతిలో 125 ఉండాలని మేము చూసేవాళ్లం. ఆ లెక్కన మీకు 14,400 లోపే ఉండాలి.

మీ లోన్ నిల్వ ఇప్పుడు దాదాపు 7.73 లక్షలు. దాన్ని 60 నెలలకు పరిస్తే 16,800 వస్తుంది, అది మీకు ఇరుకు. మీ వైపు నుంచి ఏమన్నా పెట్టగలరా? అమ్మదగ్గ వస్తువు ఏదైనా ఉందా? అప్పు తెచ్చి కాదు.

బూడిద_ఇటుక

పాత ట్రాక్టర్ ట్రాలీ ఉంది. ఇటుకలు దింపడానికి కొన్నాను, ఇప్పుడు కొనేవాళ్లే బండి తెచ్చుకుంటున్నారు. 75,000కు అడుగుతున్నారు. దాంతో సిమెంటు తెద్దామనుకున్నాను.

కోదాడ_మేస్త్రీ

సిమెంటుకే పెట్టు. బ్యాంకుకు ఇచ్చిన పైసలు వెనక్కి రావు. సిమెంటు కొంటే ఇటుకై తిరిగొస్తుంది.

మాజీ_ఫీల్డాఫీసర్

మేస్త్రీ గారు అన్నదాంట్లో న్యాయం ఉంది. కానీ ఈయనకు 8వ తేదీ నెత్తి మీద ఉంది. 75,000 కడితే రెండు బకాయిలు 52,182 పోయి 22,818 మిగులుతుంది. ఇంకో 3,273 వేస్తే సెప్టెంబర్ కిస్తీ కూడా అయిపోతుంది. పీనల్ చార్జీలు కొంచెం ఉంటాయి, అడిగి కట్టండి. అక్టోబర్ 10 దాకా ఖాతాలో ఒక్క రోజు బకాయి ఉండదు. బకాయి లేకుండా వచ్చి "ముందు ముందు కట్టలేను, ఇదీ నా లెక్క" అనే మనిషికి, బకాయితో వచ్చే మనిషికి చాలా తేడా ఉంటుంది. సొంత వస్తువు అమ్మి పెట్టాడంటే పైవాళ్లు కూడా ఫైలు శ్రద్ధగా చూస్తారు.

సిమెంటు కోసం మూడు నెలలు వడ్డీ మాత్రమే కడతానని అడుగుదాం. నిల్వ 6.98 లక్షలకు దిగితే నెల వడ్డీ దాదాపు 6,400. మీ 18,000లో 11,600 సిమెంటుకు మిగులుతుంది. జనవరి నుంచి 66 నెలలు, నెలకు 14,142. 2031 జూన్‌కు అయిపోతుంది.

వనపర్తి_గానుగ

మొత్తం మీద ఎంత ఎక్కువ కట్టాల్సి వస్తుంది సార్? అది కూడా చెప్పండి, తర్వాత బాధపడకూడదు కదా.

మాజీ_ఫీల్డాఫీసర్

మంచి ప్రశ్నమ్మా. పాత పద్ధతిలో మిగిలిన 34 కిస్తీలు 8.87 లక్షలు. కొత్త పద్ధతిలో ట్రాలీ పైసలతో కలిపి దాదాపు 10.28 లక్షలు. అంటే 1.40 లక్షల పైచిలుకు ఎక్కువ. గడువు మూడేళ్ల రెండు నెలలు పెరుగుతుంది. గ్యారంటీ స్కీం కింద ఇచ్చిన లోనైతే ఆ ఫీజు కూడా అన్నేళ్లు ఉంటుంది. ఇది చౌక బేరం కాదు, కానీ మిషన్ నిలబడుతుంది.

పాలమూరు_పల్లీ

84 నెలలు అడిగితే ఇంకా తగ్గుతుంది కదా?

మాజీ_ఫీల్డాఫీసర్

తగ్గుతుంది. కానీ ఆ మిషన్ అన్నేళ్లు పనికొస్తుందా అని అడుగుతారు. అవసరమైనంత వరకే అడిగితే లెటర్‌కు బరువు ఉంటుంది.

కోదాడ_మేస్త్రీ

మరి ఆ 4.80 లక్షల సంగతి? లెటర్‌లో అదే పెద్ద అక్షరాలతో రాయాలి నా లెక్క ప్రకారం.

వనపర్తి_గానుగ

రాయాలి కానీ దాని మీద ఆధారపడి రాయొద్దు. మాకూ ఒక హోల్‌సేల్ షాపు నూనె పైసలు ఆపింది. చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే, ఆగిన బిల్లుల కోసం ప్రభుత్వ సమాధాన్ పోర్టల్‌లో కేసు వేయొచ్చు. చిన్న తయారీదారు సరుకు ఇస్తే కొన్నవాళ్లు 45 రోజుల్లోపు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతలు చక్రవడ్డీ పడుతుంది. నోటీసు పోగానే మా షాపాయన సగం పంపాడు. మిగతా సగం ఇంకా నడుస్తోంది. @బూడిద_ఇటుక ఇటుకలు ఇచ్చే నాటికే మీకు ఉద్యమ్ ఉందా? చలాన్ల మీద వాళ్ల సంతకాలు ఉన్నాయా?

బూడిద_ఇటుక

ఉద్యమ్ 2023లోనే తీశాను, లోన్‌కు అడిగితే. చలాన్ బుక్కు ఇప్పుడే బీరువాలోంచి తీశాను. మొత్తం 31 ట్రిప్పులు. మొదటి 24 కాగితాల మీద సైట్ సూపర్‌వైజర్ సంతకం, తేదీ, ట్రాక్టర్ నంబరు మంచిగా ఉన్నాయి. చివరి ఏడింటి మీద ఇంకు చెదిరిపోయింది, ఆ రోజు ఇటుకల మీద కొట్టే నీళ్లు పడ్డట్టున్నాయి. కింద కార్బన్ కాపీలో మాత్రం సంతకం నీలంగా కనిపిస్తోంది.

వనపర్తి_గానుగ

ఆ కార్బన్ కాపీలే మీ బంగారం. ఇప్పుడే ఫోటోలు తీసి పెట్టుకోండి. కేసు వేసిన నంబరు లెటర్‌కు జోడించండి.

కోదాడ_మేస్త్రీ

నేను ఆ కేసులను నమ్మను. అవతలివాడు రాకుంటే తేదీ మీద తేదీ పడుతుంది.

మాజీ_ఫీల్డాఫీసర్

ఆలస్యం అవుతుంది, నిజమే. అందుకే ఆ పైసలు కిస్తీ లెక్కలో ఉండకూడదు. వస్తే సగం లోన్ అసలుకు కడతానని విడిగా ఒక మాట రాయాలి. కిస్తీ మాత్రం ఇవాళ అమ్ముడవుతున్న ఇటుకల మీదే నిలబడాలి.

ఒక నమూనా రాశాను. మీ మాటల్లోకి మార్చుకోండి.

"బ్రాంచి మేనేజర్ గారికి,
విషయం: టర్మ్ లోన్ ఖాతా నంబర్ ........ గడువు పెంచి కిస్తీ మార్చమని వినతి.

మీ బ్రాంచి నుంచి 2023లో 12 లక్షల లోన్ తీసుకొని, 2025 జూన్ వరకు 26 కిస్తీలు సకాలంలో చెల్లించాను. ఒక కొనుగోలుదారు నుంచి రావలసిన 4.80 లక్షలు ఆగిపోవడంతో పెట్టుబడి లేక ఉత్పత్తి నెలకు 60 వేల నుంచి 30 వేల ఇటుకలకు తగ్గింది. జూలై, ఆగస్టు కిస్తీలు చెల్లించలేకపోయాను. యూనిట్ ప్రస్తుతం నడుస్తోంది. అమ్మకాలన్నీ నగదుకే చేస్తున్నాను, ఇకపై ఎవరికీ అరువు ఇవ్వను.

నా ట్రాలీ అమ్మి బకాయిలు, సెప్టెంబర్ కిస్తీ ...... తేదీన చెల్లించాను. ప్రస్తుత అమ్మకాల మీద అన్ని ఖర్చులు, ఇంటి ఖర్చు పోను నెలకు 18,000 మిగులుతోంది. లెక్క జతపరిచాను. కాబట్టి 26,091 కిస్తీ ఇకపై చెల్లించలేను.

నా ప్రతిపాదన: అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు నెలవారీ వడ్డీ మాత్రమే చెల్లిస్తాను. 2026 జనవరి నుంచి 66 నెలల పాటు సుమారు 14,150 చొప్పున చెల్లిస్తాను. వడ్డీ రేటులో గానీ అసలులో గానీ తగ్గింపు కోరడం లేదు. పై 4.80 లక్షల కోసం ఫిర్యాదు నమోదు చేశాను. అందులో వచ్చిన ప్రతి మొత్తంలో సగం అసలుకు జమ చేస్తాను. ఈ రాబడిని పై లెక్కలో కలపలేదు.

యూనిట్‌ను ఎప్పుడైనా తనిఖీ చేయవచ్చు. చిన్న పరిశ్రమల పునరుద్ధరణకు రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన విధానం కింద ఈ దరఖాస్తును పరిశీలించగలరు."

కింద జతపరిచినవి రాయండి: ఏడాది స్టేట్‌మెంట్, నెల లెక్క, చలాన్లు, ఫిర్యాదు కాపీ, ఉద్యమ్ సర్టిఫికెట్. రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద ఇన్‌వర్డ్ స్టాంపు, తేదీ వేయించుకోండి. అది మర్చిపోతే మీరు ఇచ్చినట్టే ఉండదు.

పాలమూరు_పల్లీ

పిల్లల చదువు మాట తీసేశారేం సార్? మనిషి కష్టం తెలియాలి కదా.

మాజీ_ఫీల్డాఫీసర్

ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్పండి, వింటారు. ఫైలు నల్లగొండ దాటి పోతుంది. అక్కడ చదివేవాళ్లకు ఇటుకల లెక్క కావాలి.

వనపర్తి_గానుగ

జామీను ఎవరున్నారు? ఆయనతో మాట్లాడారా? షరతులు మారితే జామీనుదారు సంతకం మళ్లీ అడుగుతారు. మా ఇంట్లో ఈ మాట ముందే చెప్పక పెద్ద గొడవైంది.

బూడిద_ఇటుక

మా బావ ఉన్నాడు. ఇంకా చెప్పలేదు. కిస్తీలు తప్పినట్టు అక్కకు కూడా తెలియదు.

వనపర్తి_గానుగ

బ్యాంకు నుంచి ఫోన్ పోకముందే మీరే పోయి చెప్పండి. లెక్క కాగితం చేతిలో పట్టుకొని పోండి.

మిర్యాలగూడ_తౌడు

సార్, ఒక అనుమానం. 10 లక్షల దాకా బ్రాంచి మేనేజరే తేలుస్తాడు, దాటితే కమిటీకి పోతుంది అంటారు. ఈయన లోన్ 12, నిల్వ 7. ఏది చూస్తారు?

మాజీ_ఫీల్డాఫీసర్

మంజూరైన లిమిట్ చూడాలి. కమిటీకే పోతుంది.

మిర్యాలగూడ_తౌడు

మా దగ్గర నిల్వ చూసి బ్రాంచిలోనే చేశారు.

మాజీ_ఫీల్డాఫీసర్

అట్లా చేసి ఉండొచ్చు. లెటర్ మాత్రం రెండింటికీ బ్రాంచిలోనే ఇవ్వాలి. కమిటీ దారి అయితే దరఖాస్తును ఐదు పని దినాల్లో పైకి పంపాలి. స్టాంపు తేదీ అందుకే ముఖ్యం.

బూడిద_ఇటుక · సెప్టెంబర్ 19

అందరికీ వివరం చెప్పాలని వచ్చాను. ట్రాలీ 5న అమ్మాను, 6న కట్టాను. లెటర్ 8న ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను. మేనేజర్ రెండుసార్లు చదివి, "66 నెలలు ఎట్లా వచ్చింది?" అని అడిగారు. 18,000 లెక్క చూపించాను. ఫైలు రీజినల్ ఆఫీసుకు పంపామన్నారు. నిన్న ఒక ఆఫీసర్ యూనిట్‌కు వచ్చారు. తడి గోనెసంచులు తీసి కింద వరుసలు కూడా లెక్కపెట్టారు. కరెంటు బిల్లులు మూడు నెలలవి ఫోటో తీసుకున్నారు.

బావకు చెప్పాను. కోప్పడ్డాడు. కిస్తీ తప్పినందుకు కాదు, దాచినందుకు. సంతకం పెడతానన్నాడు.

సమాధాన్‌లో కేసు వేశాను. కాంట్రాక్టర్ ఇంకా పలకలేదు.

కోదాడ_మేస్త్రీ

ట్రాలీ పోయిందని నాకు ఇంకా బాధగానే ఉంది. యూనిట్ ఎక్కడ? నా దగ్గర రెండు ఇళ్ల పని ఉంది. నగదుకే తీసుకుంటా.

బూడిద_ఇటుక

మెసేజ్ పెట్టాను మేస్త్రీ గారూ.

మిర్యాలగూడ_తౌడు

ఒకటి గుర్తుపెట్టుకో తమ్మీ. మంజూరు కాగితం చేతికొచ్చేదాకా పాత కిస్తీనే నడుస్తుంది. అక్టోబర్ 10న ఖాతాలోంచి 26,091 కోసం డెబిట్ వస్తుంది. పైసలు సరిపోకుంటే బౌన్స్ చార్జీ పడుతుంది. ముందే మేనేజర్‌ను అడిగి పెట్టుకో.

మాజీ_ఫీల్డాఫీసర్

అవును. అప్పటికి మంజూరు రాకపోతే మీరు రాసిన వడ్డీ 6,400 మాత్రం ఆపకుండా లోన్ ఖాతాలో వేయండి. వీలైతే ఇంకొంచెం ఎక్కువ వేయండి. అక్టోబర్ 10 బకాయికి 90 రోజులంటే జనవరి 8. ఆ తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. నెలాఖరుకు ఒకసారి రీజినల్ ఆఫీసు సంగతి కనుక్కుని ఇక్కడ చెప్పండి.

బూడిద_ఇటుక

రాసుకున్నాను సార్. రేపు పొద్దున 4,000 ఇటుకల లోడు ఉంది, ఆ పైసలు నేరుగా ఖాతాలోకే.